డాలర్ డివిడెండ్‌లో ముప్పై శాతం కోత: గడువు తీరిన ఒక ఫారం కథ

ప్రశ్న: 2022లో ఒక బ్రోకర్ దగ్గర ఖాతా తెరిచి అమెరికా కంపెనీల షేర్లు కొన్నాను. మొన్న డిసెంబరు దాకా డివిడెండ్‌లో 25 శాతం పట్టుకునేవారు. ఈ జనవరి నుంచి 30 శాతం పట్టుకుంటున్నారు. నేను ఇంగ్లిష్‌లో రాసిన ఈ-బుక్ కూడా అక్కడ కొంత అమ్ముడవుతోంది. దాని రాయల్టీలో మొదటి నుంచీ 30 శాతమే పోతోంది. ఇక్కడ మళ్లీ నా శ్లాబు ప్రకారం పన్ను కట్టాలి. "అక్కడ ఎంత పోతే అంత ఇక్కడ తగ్గిస్తారు, టెన్షన్ పడకు" అంటాడు మా బావమరిది. నిజమేనా? ఇంకో సందేహం. ఒప్పందం పేరుతో ఏ దేశమైనా తనకు రావాల్సిన పన్ను తానే ఎందుకు తగ్గించుకుంటుంది?

సమాధానం: మీ బావమరిది మాట సగం నిజం. మిగతా సగాన్ని నమ్ముకుంటే మీ జేబుకు చిల్లు పడుతుంది. ఎలాగో లెక్క వేసి చూపిస్తాను. ముందు జనవరి సంగతి చూద్దాం, అది తేలిక.

చట్టం ఏమీ మారలేదు, మీ ఫారం గడువు తీరింది. ఖాతా తెరిచినప్పుడు మీరు W-8BEN అనే ఫారం మీద సంతకం చేసి ఉంటారు. స్క్రీన్ మీద నాలుగు టిక్కులు పెట్టి "అంగీకరిస్తున్నాను" నొక్కేశారు కాబట్టి గుర్తుండకపోవచ్చు. "నేను అమెరికా వాణ్ని కాను, ఫలానా దేశ నివాసిని, ఆ దేశంతో ఉన్న ఒప్పందం రేటు నాకు వర్తిస్తుంది" అని మీరు రాసిచ్చిన కాగితం అది. సంతకం పెట్టిన ఏడాది పోగా, ఆ తర్వాత మూడు పూర్తి క్యాలెండర్ సంవత్సరాలు చెల్లుతుంది. 2022 ఫిబ్రవరిలో పెట్టినా నవంబరులో పెట్టినా 2025 డిసెంబరు 31తో సరి. జనవరి 1న మీరు బ్రోకర్ లెక్కలో "కాగితాలు లేని విదేశీయుడు" అయిపోయారు. అలాంటి వాళ్లకు రేటు 30. గుర్తు చేస్తూ ఈమెయిల్ వచ్చే ఉంటుంది, ప్రకటనల మెయిళ్ల మధ్య ఎక్కడో పడి ఉంటుంది. ఖాతాలోకి వెళ్లి కొత్త ఫారం మీద సంతకం పెట్టండి. వచ్చే డివిడెండ్‌కల్లా మళ్లీ 25కు దిగుతుంది.

అసలు ఈ 30 ఎక్కడిదంటారా? అమెరికా చట్టం ప్రకారం, అక్కడ నివాసి కాని మనిషికి అక్కడి నుంచి డివిడెండ్, రాయల్టీ లాంటి ఆదాయం వెళ్తే అందులో 30 శాతం ఆ దేశానికి చెందుతుంది. ఆ మనిషి సముద్రం అవతల ఉంటాడు. రిటర్న్ వేయకపోతే వెళ్లి పట్టుకోవడం కుదరదు. అందుకని డబ్బు ఇచ్చేవాడి చేతే ముందు కోయించి, మిగిలింది పంపిస్తారు. మనకు బాగా తెలిసిన టీడీఎస్ సూత్రమే ఇది. తేడా ఒక్కటే. జీతం మీద కోసిన టీడీఎస్ తర్వాతి లెక్కలో సర్దుబాటవుతుంది. అమెరికా విషయంలో చాలామందికి కోతే చివరి పన్ను, ఆ తర్వాత అక్కడ లెక్క అంటూ ఉండదు. ఇంకొక మెలిక కూడా ఉంది. తక్కువ కోస్తే ఆ తేడాను డబ్బు ఇచ్చినవాడి దగ్గరే వసూలు చేస్తారు. అందుకే మీ కాగితాల్లో చిన్న అనుమానం వచ్చినా బ్రోకరైనా, ఈ-బుక్ వేదికైనా కళ్లు మూసుకుని 30 కోస్తారు. మీ మీద కక్షేమీ లేదు, ఎవరి మెడ వాళ్లు కాపాడుకుంటున్నారు.

ఆ 30ని తగ్గించేది భారత్, అమెరికా మధ్య ఉన్న ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం. 1989 సెప్టెంబరులో సంతకాలయ్యాయి, 1990 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. డివిడెండ్లు పదో అధికరణంలో ఉంటాయి. షేర్లున్నది మీలాంటి వ్యక్తి చేతిలో అయితే గరిష్ఠంగా 25 శాతం. డివిడెండ్ ఇచ్చే కంపెనీలో కనీసం పదో వంతు ఓటింగ్ షేర్లు చేతిలో ఉన్న కంపెనీకైతే 15 శాతం. రాయల్టీలు పన్నెండో అధికరణంలోకి వస్తాయి. పుస్తకం కాపీరైట్ లాంటి వాటికి గరిష్ఠంగా 15 శాతం. యంత్రాలు, పరికరాల వాడకానికి ఇచ్చే రాయల్టీకి 10. అంటే పుస్తకం మీద మీకు పోవాల్సింది 15. పోతున్నది దానికి రెట్టింపు.

ఇప్పుడు మీ రెండో సందేహం, దేశాలు ఎందుకు తగ్గించుకుంటాయన్నది. నాకు ఇష్టమైన ప్రశ్న ఇది, కొంచెం తీరిగ్గా చెబుతాను.

ఆ 30 శాతం దేని మీద కోస్తున్నారో ముందు గమనించండి. లాభం మీద కాదు, వచ్చిన మొత్తం మీద. మీ పుస్తకానికి అమెరికాలో ఒక ఏడాది 1,000 డాలర్ల రాయల్టీ వచ్చిందనుకుందాం. ఎడిటింగ్‌కు, కవరు బొమ్మకు, ప్రకటనలకు కలిపి మీకు 600 డాలర్లు ఖర్చయింది. మీకు నిజంగా మిగిలింది 400. కోత మాత్రం వెయ్యి మీద పడి 300 పోయింది. చూడటానికి 30 శాతం, మీ లాభంతో పోలిస్తే 75 శాతం. ఖర్చు 700 దాటితే పన్ను పోగా మీకు నష్టమే మిగులుతుంది. కోసేవాడికి మీ ఖర్చులు తెలిసే దారి లేదు. ఎడిటర్ బిల్లు మీ దగ్గరుంది, డబ్బు ఆ వేదిక దగ్గరుంది. అందుకని స్థూల మొత్తం మీద కోయడం తప్ప వాళ్లకు గత్యంతరం లేదు.

మొత్తం మీద కోత తప్పనప్పుడు, అది న్యాయంగా ఉండాలంటే రేటు బాగా తక్కువగా ఉండాలి. ఒప్పందాల్లో రేట్లు తగ్గడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే. లాభాన్ని సరిగ్గా కొలవగలిగేది మీరు నివసించే దేశం. మీ ఖర్చులు, మిగతా ఆదాయం, కుటుంబ పరిస్థితి దానికే తెలుస్తాయి. ఆదాయం పుట్టిన దేశం స్థూల మొత్తంలో ఒక చిన్న ముక్క తీసుకుంటుంది. నివాస దేశం నికర లాభం మీద పూర్తి పన్ను లెక్కకట్టి, అక్కడ కోసిన ముక్కను అందులోంచి తీసేస్తుంది. ఒప్పందం అంటే ఆ ముక్క సైజు మీద కుదిరిన బేరమే.

ముక్క పెద్దదైతే ఏమవుతుంది? నివాస దేశం ఇచ్చే మినహాయింపుకు ఒక హద్దు ఉంది. ఆ ఆదాయం మీద తనకు రావాల్సిన పన్నును మించి ఒక్క రూపాయి కూడా తగ్గించదు. మించిన డబ్బు గాలికి పోయినట్టే. ఆ హద్దు మీకు ఎలా తగులుతుందో కాసేపట్లో చూద్దాం.

రెండో కారణం డబ్బు ఇచ్చే దేశం సొంత లాభానికి సంబంధించింది, దీన్ని చాలామంది గమనించరు. టెక్నాలజీ, బ్రాండు లాంటివి లైసెన్సుకు ఇచ్చే పెద్ద కంపెనీలు లైసెన్సు ఒప్పందంలో ఒక వాక్యం రాయిస్తాయి: "మాకు చేతికి రావాల్సింది ఇంత, మీ దేశపు పన్ను మీరే భరించండి." చేతికి 100 రావాలంటే, పన్ను 30 శాతమైతే లైసెన్సు తీసుకునేవాడు 142.86 లెక్క చూపి, అందులో 42.86 ప్రభుత్వానికి కట్టాలి. 15 శాతమైతే 117.65 చాలు. పన్ను విదేశీ కంపెనీ మీదే వేశామని ప్రభుత్వం అనుకుంటుంది. బరువు మోసేది మాత్రం తన దేశంలోని ఫ్యాక్టరీ. రేటు తగ్గిస్తే ఆ ఫ్యాక్టరీకి టెక్నాలజీ చవకగా వస్తుంది. కాబట్టి తగ్గించుకోవడం పూర్తిగా దానధర్మమేమీ కాదు.

డివిడెండ్‌కు ఇంకో కారణం తోడవుతుంది. డివిడెండ్ అంటే అప్పటికే ఒకసారి పన్ను కట్టిన లాభం. అమెరికా కంపెనీ 100 డాలర్లు సంపాదిస్తే 21 శాతం ఫెడరల్ కార్పొరేట్ పన్ను పోయి 79 మిగులుతుంది. అదంతా పంచితే, అందులో 25 శాతం అంటే 19.75 మళ్లీ కోత. మీ దాకా వచ్చేది 59.25. ఆ దేశం వాటా అప్పటికే రెండుసార్లు తీసుకుంది. మధ్యలో ఇంకో కంపెనీ ఉంటే, అది తన వాటాదారులకు పంచేటప్పుడు మూడోసారి. పెద్ద వాటా ఉన్న కంపెనీలకు రేటు మరీ తక్కువగా పెట్టడం అందుకే. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ రాసిన నమూనా ఒప్పందంలో అలాంటి కంపెనీకి 5 శాతం, మిగతా వాళ్లకు 15 శాతం అని ఉంటుంది.

రాయల్టీ దగ్గరికి వచ్చేసరికి అదే ఓఈసీడీ నమూనా ఆదాయం పుట్టిన దేశానికి ఏమీ ఇవ్వదు, సున్నా. పేటెంట్లు, కాపీరైట్లు ఎక్కువగా ఉన్న సంపన్న దేశాలు రాసుకున్న నమూనా కాబట్టి ఆశ్చర్యమేమీ లేదు. ఇరువైపులా రాయల్టీలు దాదాపు సమానంగా ప్రవహించే రెండు దేశాలు సున్నా అనుకుంటే, ఒకరి నుంచి పోయింది ఇంకొకరి ద్వారా వచ్చేస్తుంది. ప్రవాహం ఒకవైపే ఉంటే సున్నా అనేది ఒకవైపు నష్టం. అందుకని అభివృద్ధి చెందుతున్న దేశాలను దృష్టిలో పెట్టుకుని 1980లో వచ్చిన ఐక్యరాజ్యసమితి నమూనా రాయల్టీ మీద పన్ను వేసే హక్కును ఆదాయం పుట్టిన దేశానికి కూడా ఉంచి, రేటు మీరూ మీరూ తేల్చుకోండని ఖాళీ వదిలింది. అమెరికా, బ్రిటన్ ఒప్పందంలో రాయల్టీకి సున్నా. మన ఒప్పందంలో 15. అదే వేదికలో అదే ధరకు పుస్తకం అమ్మిన బ్రిటన్ రచయితకు వెయ్యికి వెయ్యీ వస్తుంది, మీకు 850 వస్తుంది. ఇది వివక్షేనని నాకు ఉత్తరాలు వస్తుంటాయి. భారత్ తన దేశం నుంచి బయటికి వెళ్లే రాయల్టీల మీద 15 శాతం వదులుకోలేదు. అవతలి వాళ్లూ వదులుకోలేదు. మీ 150 డాలర్లు ఆ బేరంలో భాగం.

ఇక మన లెక్కలు. మీకు శ్లాబు 30 శాతం, సెస్సు కలిపి 31.2 అనుకుంటున్నాను.

ఏడాదికి 400 డాలర్ల డివిడెండ్ తీసుకుందాం. ఫారం సరిగ్గా ఉంటే అక్కడ 100 పోతుంది. ఇక్కడ 400 మీద పన్ను 124.80. అందులోంచి ఆ 100 తీసేస్తే మీరు కట్టాల్సింది 24.80. మొత్తం పన్ను 124.80. ఇంతవరకు బావమరిది మాట అక్షరాలా నిజం.

ఇప్పుడు ఫారం లేదు, 120 పోయింది. ఇక్కడి పన్ను అదే 124.80. "అంతా తగ్గిస్తారు" అన్న మాట ప్రకారం 4.80 కడితే సరిపోవాలి. విదేశీ పన్ను మినహాయింపు నిబంధనలో ఒక షరతు ఉంది: ఒప్పందం ప్రకారం కట్టాల్సిన దానికంటే అవతల ఎక్కువ కోస్తే, ఆ ఎక్కువను లెక్కలోకి తీసుకోరు. కాబట్టి మినహాయింపు 100కే. ఇక్కడ 24.80 కట్టాలి. మొత్తం 144.80. తేడా 20 డాలర్లు. మన ఆదాయపు పన్ను శాఖ వాదన సబబుగానే ఉంది. అమెరికా ప్రభుత్వానికి హక్కు లేని డబ్బును మీ బద్ధకం వల్ల వదిలేస్తే, ఆ నష్టం మన ఖజానా ఎందుకు భరించాలి? ఆ 20 కావాలంటే అమెరికానే అడగాలి.

మీ శ్లాబు 20 శాతమే అయివుంటే ఇందాక చెప్పిన హద్దు తగులుతుంది. సెస్సుతో 20.8 శాతం అంటే ఇక్కడి పన్ను 83.20. ఫారం సరిగ్గా ఉండి అక్కడ 100 మాత్రమే పోయినా, మినహాయింపు 83.20 దాకానే. మిగతా 16.80 రెండు దేశాల్లో ఎక్కడా తిరిగి రాదు. అమెరికా చాలా దేశాలతో చిన్న వాటాదారుల డివిడెండ్‌కు 15 శాతం పెట్టుకుంది. మనకు 25 ఉండటం వల్ల తక్కువ శ్లాబులో ఉన్నవాళ్లకు ఈ చిక్కు వస్తోంది.

పుస్తకం లెక్క ఇంతకన్నా కటువుగా ఉంటుంది. రాయల్టీ 1,000, ఖర్చు 600, నికరం 400, ఇక్కడి పన్ను 124.80. అక్కడ మొత్తం వెయ్యి మీద 300 కోశారు. ఇక్కడ తగ్గేది 124.80 మాత్రమే, అంటే ఇక్కడ మీరు కట్టేది సున్నా. అక్కడ పోయిన 300లో 175.20కి ఇక్కడ దిక్కు లేదు. అందులో 150 ఒప్పందానికి మించి కోసింది కాబట్టి అమెరికాను అడిగి తెచ్చుకోవచ్చు. మిగతా 25.20 స్థూల మొత్తం మీద కోత, నికర లాభం మీద పన్ను అనే తేడాలో కరిగిపోతుంది. 15 శాతం రేటు కూడా ఆ తేడాను పూర్తిగా పూడ్చలేదు, తగ్గిస్తుందంతే. రాయల్టీలో మిగిలిపోయిన మినహాయింపును డివిడెండ్ పన్నులో సర్దుకుందామన్నా కుదరదు. ఒక్కో రకం ఆదాయానికి లెక్క విడివిడిగా వేస్తారు.

మరి రాయల్టీలో మొదటి నుంచీ 30 ఎందుకు పోతోంది? ఈ-బుక్ వేదికకు మీరిచ్చిన W-8BEN చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు పొరపాట్లు. మీది కూడా బహుశా వాటిలో ఒకటే.

ఫారంలో 6a అనే గడి ఉంటుంది. అక్కడ మీ దేశపు పన్ను గుర్తింపు సంఖ్య, అంటే పాన్ నంబరు వేయాలి. దాని పైన ఉన్న 5వ గడిలో అడిగేది అమెరికా నంబరు. చాలామంది ఐదో గడి చూసి, "నాకు అమెరికా నంబరు లేదు" అనుకుని రెండూ ఖాళీగా వదిలేస్తారు. రాయల్టీకి తక్కువ రేటు కావాలంటే రెండింట్లో ఏదో ఒక నంబరు ఉండాలి. పాన్ ఉంటే చాలు.

రెండోది 9, 10 గడుల దగ్గర వస్తుంది. తొమ్మిదిలో మీరు ఏ దేశ నివాసో రాస్తారు. లిస్టెడ్ షేర్ల డివిడెండ్‌కు మామూలుగా అది సరిపోతుంది. అందుకే బ్రోకర్ దగ్గర మీకు ఇబ్బంది రాలేదు. కానీ ఒప్పందంలో రాయల్టీకి ఒకటికి మించి రేట్లు ఉంటే పదో గడి కూడా నింపాలని ఆ ఫారం సూచనల్లోనే ఉంది. మన ఒప్పందంలో 10, 15 రెండూ ఉన్నాయి కదా. పన్నెండో అధికరణం, 15 శాతం, కాపీరైట్ రాయల్టీ అని అక్కడ చెప్పాలి. ఈ-బుక్ వేదికలు దీన్ని ప్రశ్నల రూపంలో అడుగుతాయి. "ఒప్పందం ప్రయోజనం కోరుతున్నారా?" అన్న చోట భయపడి "లేదు" నొక్కినవాళ్లను చాలామందిని చూశాను. ఏదో అమెరికా పన్ను చిక్కుల్లో పడతామని వాళ్ల భయం. "లేదు" అనడమంటే 30 శాతానికి ఒప్పుకోవడమే.

చిరునామా కూడా ఒకసారి చూసుకోండి. మీరు భారత నివాసి అని రాసి, ఉత్తరాలకు మాత్రం అమెరికాలో ఉన్న చుట్టాల చిరునామా ఇస్తే, ఇచ్చేవాడికి అనుమానం వస్తుంది. అదనపు రుజువులు అడుగుతారు, అవి అందేదాకా ఒప్పందం రేటు ఇవ్వరు. నా క్లయింట్ ఒకరికి ఏడాదిన్నర పాటు ఇలాగే జరిగింది. అంతా సరిగ్గా నింపామని ఇద్దరం వాదిస్తూ కూర్చున్నాం. చివరికి చూస్తే తప్పు చిరునామా గడిలో ఉంది. దాన్ని ముందే చూడకపోవడం నా పొరపాటు కూడా.

మీ కోత ఏ రేటుతో జరిగిందో చెప్పే కాగితం 1042-S. ఒక క్యాలెండర్ సంవత్సరానికి సంబంధించింది మరుసటి ఏడాది మార్చి 15లోగా ఇస్తారు. దాన్ని డౌన్‌లోడ్ చేసి, మొదటి బాక్సులో కోడ్ చూడండి. 06 అంటే డివిడెండ్, 12 అంటే కాపీరైట్ లాంటి రాయల్టీలు. రెండో బాక్సులో స్థూల మొత్తం, 3b బాక్సులో రేటు, 7a బాక్సులో కోసిన పన్ను ఉంటాయి. 3bలో 30.00 కనిపిస్తే ఒప్పందం మీకు అందలేదని అర్థం. ఇంకో విషయం కూడా చూసుకోండి. కోత పడాల్సింది అమెరికాలో జరిగిన అమ్మకాల రాయల్టీ మీదే. పుస్తకం హక్కు ఎక్కడ వాడుకున్నారో ఆదాయం అక్కడ పుట్టినట్టు అమెరికా చట్టం లెక్క. జర్మనీలో ఎవరో కొన్న కాపీ మీద అమెరికా కోత ఉండకూడదు.

పోయిన డబ్బు తెచ్చుకోవడానికి రెండు దారులు ఉన్నాయి. ఈ జనవరి నుంచి డివిడెండ్‌లో ఎక్కువ పోయింది ఇంకా పాతబడలేదు. కొత్త ఫారం ఇస్తూ, "ఆ తేదీల నాటికి కూడా నేను ఇదే దేశ నివాసిని" అని రాసిచ్చి, ఎక్కువ కోసింది సరిచేయమని బ్రోకర్‌ను అడగండి. మరుసటి ఏడాది మార్చి 15లోపు వాళ్లే సర్దడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకుంటాయి. చేసి తీరాలన్న నిర్బంధం లేదు కాబట్టి కొందరు కుదరదనేస్తారు. అయినా అడగడానికి డబ్బు ఖర్చు లేదు.

పాత ఏళ్ల రాయల్టీకి ఆ దారి మూసుకుపోయింది. అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు 1040-NR రిటర్న్ వేసి, 1042-S జతచేసి రిఫండ్ అడగాలి. దానికి అమెరికా పన్ను నంబరు ఐటిన్ ఉండాలి. లేకపోతే W-7 దరఖాస్తు కూడా అదే కవరులో పెట్టాలి. పాస్‌పోర్టు అసలుదైనా, దాన్ని జారీ చేసిన కార్యాలయం ధ్రువీకరించిన నకలైనా పంపాలి. అసలుది పోస్టులో పంపమని నేను ఎవరికీ చెప్పను. ఇంత తతంగం 20 డాలర్ల డివిడెండ్ కోసమైతే వదిలేయమంటాను. వెయ్యికి 150 చొప్పున నాలుగేళ్ల రాయల్టీ అయితే కచ్చితంగా చేయండి. అక్కడ జీతం లేని నివాసేతరుల రిటర్న్‌కు గడువు మరుసటి ఏడాది జూన్ 15. రిఫండ్ అడగడానికి సాధారణంగా ఆ తేదీ నుంచి మూడేళ్లు ఉంటుంది. అంటే 2022లో కోసినదానికి 2026 జూన్ 15తో తలుపు మూసుకుంటుంది. పాతది ముందు వేయండి.

ఇక్కడి మినహాయింపుకు, 1961 చట్టం కింద వేసే రిటర్న్‌తో పాటు ఫారం 67 దాఖలు చేయాలి. రిటర్న్‌లో FSI, TR అనే షెడ్యూళ్లు కూడా నింపాలి. ఈ జనవరి నుంచి మార్చి దాకా వచ్చిన డివిడెండ్ 2025-26 ఆర్థిక సంవత్సరంలోకే వస్తుంది కాబట్టి దానికీ ఇదే ఫారం. 2026 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయం కొత్త ఆదాయపు పన్ను చట్టం కిందికి వెళ్తుంది. అప్పటికి ఫారం నంబరు పోర్టల్‌లో చూసుకోండి. ఇక్కడ చాలామంది తడబడేది సంవత్సరాల దగ్గర. 1042-S జనవరి నుంచి డిసెంబరుకు ఉంటుంది, మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చికి. జనవరి, ఫిబ్రవరి, మార్చి కోతలకు 1042-S వచ్చే ఏడాది గానీ రాదు. దాని కోసం ఆగకుండా బ్రోకర్ ఇచ్చే నెలవారీ స్టేట్‌మెంట్‌ను రుజువుగా పెట్టి, తేదీల వారీగా ఒక పట్టిక మీరే తయారుచేసుకోండి. కోసిన పన్నును రూపాయల్లోకి మార్చేటప్పుడు, కోత జరిగిన నెలకు ముందు నెల చివరి రోజున ఉన్న టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ కొనుగోలు రేటు, అంటే బ్యాంకు డాలర్లు కొనే రేటు వాడాలి. గూగుల్‌లో ఆ రోజు కనిపించిన రేటు కాదు.

బావమరిదితో మాట్లాడేటప్పుడు ఇంకొకటి చెప్పండి. ఒప్పందం చూసేది పాస్‌పోర్టును కాదు, పన్ను నివాసాన్ని. రేపు మీరు ఉద్యోగం మీద సింగపూర్ వెళ్లి అక్కడి నివాసి అయితే, చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నా భారత్ ఒప్పందం రేటు మీకు వర్తించదు. సింగపూర్‌కు అమెరికాతో ఇలాంటి ఆదాయపు పన్ను ఒప్పందం లేదు, కాబట్టి 30 శాతమే. అలా నివాసం మారితే 30 రోజుల్లోగా బ్రోకర్‌కు, ఆ ఈ-బుక్ వేదికకు చెప్పి కొత్త ఫారం ఇవ్వాలి. పాత ఫారం మీద ఇంకా మూడేళ్ల గడువు మిగిలి ఉన్నా, ఆ మార్పుతో అది చెల్లకుండా పోతుంది.